ఎత్తులో ఆయాసం: ట్రెక్కర్ల అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎత్తుకు వెళ్తే అందరికీ ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది.

తగ్గితే ఫర్వాలేదు. నేను ట్రెక్కర్లకు వైద్యం చేసేటప్పుడు చూసేది కూర్చున్నాక ఊపిరి ఎంతసేపటికి కుదుటపడుతోందన్నదే. ఒక యువకుడు గుర్తొస్తున్నాడు. రోజూ పరుగెత్తే మనిషి, గుంపులో అందరికన్నా ముందుండేవాడు. 4,200 మీటర్ల క్యాంపుకు చేరిన మర్నాడు వెనకబడ్డాడు. మిగతావాళ్లకు రెండు మూడు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంటుంటే, అతను పావుగంట కూర్చున్నా రొప్పుతూనే ఉన్నాడు. పొడిదగ్గు కూడా మొదలైంది. తలనొప్పి మాత్రం లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రాత్రికి పడుకోలేక లేచి కూర్చున్నాడు. వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 66 శాతం. పక్క టెంటులోని స్నేహితుడికి 85.

ఇది హేప్, అంటే ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, కొత్త ఎత్తుకు చేరిన రెండు నుంచి నాలుగు రోజుల్లో వస్తుంది. ఆక్సిజన్ తగ్గగానే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. అన్నీ సమానంగా బిగుసుకోవు. బిగుసుకోని చోట్లకు రక్తం ఒత్తిడితో దూసుకొస్తుంది, సన్నని నాళాల గోడలు తట్టుకోలేక నీరు గాలితిత్తుల్లోకి కారుతుంది. గుండె బాగానే ఉంటుంది. ఎంత ఫిట్‌గా ఉన్నా ఇది రావచ్చు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లే తొందరగా ఎక్కేసి ఇరుక్కుంటారు.

అపోహ: కాస్త జ్వరం, దగ్గు ఉన్నాయి కాబట్టి నిమోనియానే. యాంటీబయాటిక్ వేసి చూద్దాం.

హేప్‌లోనూ కొద్దిపాటి జ్వరం ఉంటుంది. ఎత్తులో ఉండగా తేడా తేలకపోతే హేప్ అనే అనుకుని కిందికి దించండి. గులాబీరంగు నురగ పడేదాకా ఎదురుచూడకండి, అది ఆఖరి దశలో కనిపించేది.

అపోహ: ఆక్సిజన్ పెట్టి, మాత్రలు వేసి తెల్లారేదాకా ఆగొచ్చు.

దగ్గరలో డాక్టరు, సరిపడా ఆక్సిజన్ ఉన్న చోట కొందరికి అక్కడే వైద్యం చేస్తాం. మామూలు క్యాంపులో అలా కుదరదు. దారి సురక్షితంగా ఉంటే రాత్రయినా బయల్దేరాలి. కిందికి వచ్చేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది, బిగుసుకున్న నాళాలు వదులవుతాయి, నీరు కారడం ఆగుతుంది. అంటే జబ్బు మూలానికే మందు పడినట్టు. కనీసం 1,000 మీటర్లు, లేదా లక్షణాలు తగ్గేదాకా దిగాలి. రోగి చేత బరువు మోయించకూడదు, వీలైతే నడిపించనూ కూడదు. శ్రమ వల్లా చలి వల్లా ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆ యువకుణ్ణి వెచ్చగా చుట్టి, ఆక్సిజన్ పెట్టి, మోసుకుంటూ 3,000 మీటర్ల దగ్గరకు దించారు. పొద్దున్నకల్లా వెల్లకిలా పడుకోగలిగాడు.

దిగడం కుదరక, ఆక్సిజన్ కూడా లేనప్పుడు బిగుసుకున్న నాళాలను వదులు చేసే నిఫెడిపిన్ మందు వాడతాం. దాన్ని వేసి పైకి ఎక్కించడానికి కాదు. ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్ మాత్రలు ఇక్కడ పనికిరావు; ఎత్తులో అప్పటికే ఒంట్లో నీరు తక్కువగా ఉన్న మనిషికి బీపీ పడిపోతుంది.