తెల్లవారుజామున ఆక్సిజన్, మధ్యాహ్నం అమ్మోనియా

చెరువు నీళ్ళు పరీక్ష చేయించి ఎవరైనా ఒక అంకె చెబితే, మొదట అడగాల్సింది ఆ నీళ్ళు ఎన్ని గంటలకు తీశారని. ఆక్సిజన్ 7 పీపీఎం వచ్చిందన్నారనుకోండి. పచ్చగా చిక్కబడ్డ చెరువులో మధ్యాహ్నం 3 గంటలకు తీసిన నీళ్ళయితే ఆ 7 తక్కువే. ఆ రాత్రి గట్టు మీద ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. అదే 7 తెల్లవారి 5 గంటలకు వచ్చిందంటే ఆ రైతుకు ఏ టెన్షనూ లేదు.

విశాఖ చుట్టుపక్కల రెండు రకాల సాగు కనిపిస్తుంది. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే వైపు ఉప్పునీటి రొయ్యల చెరువులు. కొంచెం లోపలికి వెళ్తే బొచ్చె, శీలావతి పెంచే మంచినీటి చెరువులు. ఇక్కడ చెప్పేది ఈ రెండో రకం గురించి. లెక్క కోసం ఎకరం విస్తీర్ణం, అయిదడుగుల లోతు ఉన్న చెరువును తీసుకుందాం. అందులో సుమారు 60 లక్షల లీటర్ల నీరు పడుతుంది. చేపలు మొత్తం 2 టన్నుల బరువున్నాయనుకుందాం.

మనం పీల్చే లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు మంచినీళ్ళలో, గాలితో సరితూగినప్పుడు, కరిగి ఉండేది 7.5 మిల్లీగ్రాములే. లీటరుకు ఒక మిల్లీగ్రామునే పీపీఎం అంటున్నాం. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఈ కాస్త కూడా తగ్గుతుంది, చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. మే నెలలో చెరువులు ఇబ్బంది పెట్టేది ఇందుకే.

చెరువులో ఆక్సిజన్ ఎక్కువగా పుట్టేది గాలి నుంచి కాదు, నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే కంటికి కనపడని నాచు నుంచి. ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. అందుకే మధ్యాహ్నానికి 10, 12 పీపీఎం కూడా చూస్తాం. పొద్దు గుంకాక ఆ తయారీ ఆగిపోతుంది, ఊపిరి తీసుకోవడం మాత్రం ఆగదు. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ ఎవరు ఖర్చు చేస్తారంటే చాలామంది చేపలే అంటారు. లెక్క చూస్తే అలా లేదు. కిలో చేప గంటకు పావు గ్రాము చొప్పున వాడుకుందనుకున్నా, 2 టన్నులకు గంటకు అర కిలో. చెరువంతటికీ పంచితే 0.08 పీపీఎం. మన చెరువులో గంటకు తగ్గేది 0.6 అనుకుంటే, మిగతాదంతా నాచు, నీటిలోని సూక్ష్మజీవులు, అడుగున పేరుకున్న బురద తినేస్తున్నట్టే. చేపలు తక్కువే వేశాం కదా అని ధీమాగా ఉన్న రైతుకు కూడా తెల్లారేసరికి చేపలు తేలేది ఇలాగే.

రాత్రి ఖర్చు దాదాపు ఒకే వేగంతో సాగుతుంది కాబట్టి, పొద్దున ఎంత మిగులుతుందో ముందే తెలుసుకోవచ్చు. మీటరుతో రెండుసార్లు చూస్తే చాలు. 7 గంటలకు 8.0 ఉంది, 10 గంటలకు 6.2 ఉంది. మూడు గంటల్లో 1.8 పోయింది, అంటే గంటకు 0.6. వేసవిలో విశాఖలో సూర్యోదయం అయిదుంబావు, అయిదున్నర మధ్య. పది నుంచి అయిదున్నర దాకా ఏడున్నర గంటలు, ఖర్చు 4.5. మిగిలేది 1.7 పీపీఎం. ఈ సంగతి రాత్రి పదింటికే తెలిసిపోయింది. తెల్లవారి లేచి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే చూసి పరుగులు పెట్టక్కర్లేదు.

అదే రోజు మబ్బు పట్టి, 7 గంటలకే 5 పీపీఎం ఉందనుకోండి. గంటకు అదే 0.6 చొప్పున పోతే మూడూ ఇరవైకల్లా ఖాళీ. ఉక్కపోత రాత్రుళ్ళు మరీ కష్టం, ఎందుకంటే గాలి కదలక పైనుంచి వచ్చే కాస్త ఆక్సిజన్ కూడా రాదు. వేడి ఎక్కిన చెరువు మీద సాయంత్రం చల్లటి వాన పడితే పై నీళ్ళు బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగున ఊపిరి లేని నీళ్ళు పైకి లేస్తాయి. ఒక్కోసారి అరగంటలోనే చేపలు తేలతాయి. ఇక తుపాను రోజుల్లో మబ్బుతో పాటు కరెంటు కూడా పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు డీజిల్ జనరేటరు లేకపోతే నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు గట్టున ఎన్నున్నా ఒకటే.

ఏరేటరు ఎంత పని చేస్తుందో కూడా ఇదే లెక్కలో చూడొచ్చు. గంటకు 0.6 పీపీఎం తగ్గడమంటే చెరువంతటికీ 3.6 కిలోల ఆక్సిజన్. రెండు హార్స్‌పవర్ల తెడ్డు చక్రాల ఏరేటరు, నీళ్ళలో 4, 5 పీపీఎం ఉన్నప్పుడు గంటకు 1.2 కిలోల దాకా కలపగలదు. రెండు ఏరేటర్లు వేస్తే 2.4 కిలోలు. నష్టం 3.6 నుంచి 1.2 కిలోలకు, అంటే గంటకు 0.2 పీపీఎంకు దిగుతుంది. మన చెరువులో పన్నెండింటికి 5.0 ఉంటుంది. అప్పుడే మొదలుపెట్టి అయిదున్నర దాకా తిప్పితే పొద్దున 3.9 మిగులుతుంది. 1.7కీ 3.9కీ ఉన్న తేడానే ఆ రాత్రి కరెంటు బిల్లు. మధ్యాహ్నం 10 పీపీఎం ఉన్నప్పుడు గంటల తరబడి తిప్పితే మాత్రం ఏరేటరు ఆక్సిజన్‌ను గాల్లోకి తోసేస్తుంది. పై నీళ్ళు, కింది నీళ్ళు కలిసేలా కాసేపు తిప్పడం మంచిదే, అంతకు మించి దండగ.

చేప చావకపోతే చాలదు, పెరగాలి కదా. ఆక్సిజన్ 5 పీపీఎంకు పైన ఉంటే చేప మామూలుగా తిని పెరుగుతుంది. చాలాసేపు 3 కంటే తక్కువలో ఉంటే బతుకుతుంది కానీ మేత ముట్టదు, ఎదుగుదల కుంటుపడుతుంది. ఒకటికి దిగి కొన్ని గంటలు అలాగే ఉంటే చావులు మొదలవుతాయి, ముందు పోయేది సాధారణంగా పెద్ద చేపలే. తిన్న మేత అరగడానికి కూడా ఆక్సిజన్ కావాలి. అందుకే తెల్లారి అయిదింటికి మేత వేసే అలవాటు నాకెప్పుడూ నచ్చలేదు. కూలీల వీలు కోసం అలా వేస్తారు. ఎండెక్కి ఎనిమిది, తొమ్మిది అయ్యాక వేస్తే అదే మేత ఒంటికి పడుతుంది.

ఇప్పుడు అమ్మోనియా. ఇది పుట్టేది మేతలోని మాంసకృత్తుల నుంచి. మన చెరువుకు రోజుకు 28 శాతం మాంసకృత్తులున్న గుళికల మేత 50 కిలోలు వేస్తున్నామనుకుందాం. అందులో మాంసకృత్తులు 14 కిలోలు, వాటిలో నత్రజని సుమారు 2.2 కిలోలు. చేప ఒంట్లో నిలిచేది మూడో వంతు. మిగిలిన కిలోన్నర నీళ్ళలోకే వస్తుంది. అందులో ఎక్కువ భాగాన్ని చేప మొప్పల గుండా అమ్మోనియాగా వదులుతుంది. 60 లక్షల లీటర్లకు పంచితే రోజుకు పావు పీపీఎం. ఈ లెక్కన పది రోజులకు రెండున్నర కావాలి. కావడం లేదంటే దాన్ని నాచు ఎరువుగా తినేస్తోందన్నమాట. అడుగున ఉండే బాక్టీరియా కూడా కొంత తింటుంది, అయితే దానికి ఆక్సిజన్ కావాలి, స్థిరపడడానికి వారాలు పడుతుంది.

టెస్ట్ కిట్‌లో వచ్చే అంకె మొత్తం అమ్మోనియా. నీళ్ళలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు హాని లేనిది, రెండోది విషం. మొప్పల గుండా సులువుగా లోపలికి పోయేది ఆ రెండోదే. ఏది ఎంత ఉంటుందో ముఖ్యంగా పీహెచ్ తేలుస్తుంది. కిట్‌లో 1 పీపీఎం వచ్చిందనుకోండి. తెల్లవారి పీహెచ్ 7.5 ఉంటే అందులో విషం 0.02 పీపీఎం. మధ్యాహ్నం మూడింటికి, నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌నంతా లాగేసుకున్నాక, పీహెచ్ 9కి చేరుతుంది. అప్పుడు అదే 1 పీపీఎంలో విషం 0.45 దాకా వెళ్తుంది. ఒక్క చుక్క అమ్మోనియా కొత్తగా చేరకుండానే ఇరవై రెట్లు. మామూలుగా 0.05 దాటనివ్వకూడదంటారు. బయట ఈ విషం ఎక్కువైనప్పుడు చేప తన ఒంట్లోది బయటికి వదలలేదు, రక్తంలో పేరుకుంటుంది. మేత మానేయడం చేపకు తెలిసిన విరుగుడు. అందుకే మధ్యాహ్నం వేసిన మేత మిగిలిపోతుంటే, పొద్దున మాత్రం తింటుంటే, నేను ముందు అమ్మోనియానే అనుమానిస్తాను. పొద్దున తేలి తొమ్మిదింటికి సర్దుకున్నాయంటే అది ఆక్సిజన్.

ఈ రెండూ ఒకేసారి మెడకు చుట్టుకునేది నాచు ఒక్కసారిగా చచ్చినప్పుడు. పచ్చటి నీళ్ళు ఒకట్రెండు రోజుల్లో గోధుమ రంగుకు మారతాయి, లేదా పలచబడతాయి, గాలి వాటున నురగ చేరుతుంది. కుళ్ళే నాచు ఆక్సిజన్‌ను తినేస్తుంది, అమ్మోనియాను తినేవాళ్ళు లేక అది నాలుగు రోజుల్లో ఒక పీపీఎంకు చేరుతుంది. ఆ రోజుల్లో పీహెచ్ తక్కువే కాబట్టి విషం అంతగా బయటపడదు. తర్వాత కొత్త నాచు పట్టి, నీళ్ళు మళ్ళీ పచ్చబడి, అమ్మయ్య అనుకునే వారంలో మధ్యాహ్నం పీహెచ్ లేస్తుంది. పాత అమ్మోనియా ఇంకా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

సరిగ్గా ఆ సమయంలోనే కొందరు సున్నం చల్లుతారు. కాల్చిన సున్నమైనా, తడిపిన సున్నమైనా పీహెచ్‌ను ఇంకా పైకి లేపుతుంది, చేపల నెత్తిన విషం పోసినట్టే. వ్యవసాయ సున్నం అనే మెత్తటి సున్నపురాయి పొడి పీహెచ్‌ను అంత పైకి తీసుకెళ్ళదు. అయినా ఉన్న అమ్మోనియాను అది తీయదు. ఇంకొందరికి మందుల షాపులో జియోలైట్ ఇస్తారు. ఎకరానికి 20 కిలోలు చల్లారనుకుందాం. కిలో జియోలైట్ మంచినీళ్ళలో మహా అయితే పది గ్రాముల దాకా అమ్మోనియాను పట్టుకుంటుందనుకున్నా, మొత్తం 200 గ్రాములు. చెరువులోకి రోజూ వచ్చేది కిలోన్నర. ఉప్పునీటి చెరువులో అయితే ఉప్పులోని సోడియమే దాన్ని నింపేస్తుంది, ఆ 200 గ్రాములు కూడా దక్కవు. మేతను రెండు మూడు రోజులు సగానికి తగ్గిస్తే రోజుకు ముప్పావు కిలో అసలు రానే రాదు, పైగా పాతిక కిలోల మేత ఖర్చూ మిగులుతుంది.