బదిలీల ఇంట్లో జాకెట్ల కుట్టుపని: అపోహలు - వాస్తవాలు

మా వారిది బ్యాంకు ఉద్యోగం. చిత్తూరు, మదనపల్లె, తిరుపతి, బళ్ళారి, మళ్ళీ తిరుపతి అంటూ పద్నాలుగేళ్ళలో ఐదు ఇళ్ళు మారాము. ఆ ఐదు ఇళ్ళలోనూ నేను జాకెట్లు కుడుతూనే ఉన్నాను. ఇదే పరిస్థితిలో ఉన్న ఆడవాళ్ళు తరచుగా అడిగే మాటలకు జవాబుగా ఇది రాస్తున్నాను.

అపోహ: ఊరు మారితే ఖాతాదారులందరూ పోతారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

వాస్తవం: ఒక స్త్రీ తన దర్జీని మార్చడానికి జంకేది కొత్తచోట జాకెట్టు సరిగ్గా కుదరదేమోనన్న భయంతోనే కాబట్టి, ఆమె కొలతలు మన దగ్గర ఉన్నంతకాలం దూరం పెద్ద అడ్డంకి కాదు. నేను ప్రతి ఒక్కరికీ పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, ముందు మెడ, వెనుక మెడ, భుజం నుంచి డార్టు కొన వరకు ఉండే దూరం రాసుకుంటాను. బాగా కుదిరిన జాకెట్టుకు ఖాకీ కాగితంపై నమూనా కత్తిరించి పేరు రాసి దాచుకుంటాను. ఆది జాకెట్టు ఒక్కదానినే నమ్ముకోవడం పొరపాటు, ఎందుకంటే చాలాసార్లు ఉతికిన ఆది సాగిపోయి ఉంటుంది, లేదా మనిషే మారి ఉంటుంది. అందువల్ల ప్రతి ఆర్డరుకూ ఛాతీ, నడుము, చేతి చుట్టు మాత్రం టేపుతో కొలిచి పంపమంటాను. పుస్తకంలోని అంకెకూ దానికీ అర అంగుళానికి మించి తేడా ఉంటే, కొత్త ఆది వచ్చేదాకా గుడ్డ కత్తిరించను. పక్క కుట్లలో ఒక్కో వైపు అంగుళం గుడ్డ వదులుతాను, బిగుతైతే అక్కడి దర్జీ ఎవరైనా విప్పి సరిచేయవచ్చు. లైనింగును ముందే నీళ్ళలో నానబెట్టి ఆరవేసిన తరువాతే కత్తిరించాలి. దూరపు ఆర్డర్లలో నాకు వచ్చిన తొలి ఫిర్యాదులన్నీ ఆ ఒక్క పని మానినందువల్ల వచ్చినవే.

అపోహ: కొరియరు ఖర్చులు లాభాన్ని మింగేస్తాయి.

వాస్తవం: జాకెట్లు ఒక్కొక్కటిగా పంపితే నిజంగానే మింగేస్తాయి. మేము బళ్ళారి వెళ్ళేటప్పుడు తిరుపతి భవానీ నగర్‌లోని ఒక మ్యాచింగ్ సెంటరు యజమానురాలితో మాట్లాడుకున్నాను. ఖాతాదారులు తమ గుడ్డలు అక్కడ ఇస్తారు, ఎనిమిది పోగయ్యాక ఆమె ఒకే పార్సిలుగా పంపుతుంది, కుట్టినవి తిరిగి అక్కడికే చేరతాయి. జాకెట్టుకు నేను తీసుకునేది 450 రూపాయలు. అందులో ఆమెకు 40, లైనింగు, దారం, హుక్కులకు 90, ఎనిమిదింటికి రానుపోను కొరియరు 300 కనుక ఒక్కోదానికి దాదాపు 38 పోగా, నాకు 282 మిగిలేది. తిరుపతిలో ఉన్న అరవై రెండు మందిలో ఇరవై ముగ్గురు నిలిచారు, నెలకు ముప్ఫై జాకెట్ల దాకా వచ్చేవి. అంటే ఎనిమిదిన్నర వేలకు కాస్త తక్కువ; బళ్ళారిలో కొత్తవాళ్ళు పరిచయమయ్యేదాకా ఇల్లు గడవడానికి అదే ఆసరా అయింది. ఐదు రోజుల పని పన్నెండు రోజులు పట్టడం మాత్రం ఈ పద్ధతిలో తప్పని లోపం.

అపోహ: పచ్చళ్ళు, పొడుల వ్యాపారమైతే ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు, కాబట్టి అదే సులువు.

వాస్తవం: ఆహార పదార్థాలు అమ్మడానికి కావలసిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు, వండే చోటికి ఇచ్చేది, వంటిల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ తీసుకోవాలి. కుట్టుపనికి అది లేదు. జీఎస్టీలోనూ తేడా ఉంది. ఖాతాదారు గుడ్డను కుట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుంది కనుక, వేరే రాష్ట్రానికి చేసి పంపినా మన మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు నమోదు అవసరం లేదు. అదే మనం చీరలో, తయారైన జాకెట్లో కొని పక్క రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా రాబడి ఎంత తక్కువైనా నమోదు కావాలి. మా ఊళ్ళు కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లోనే ఉంటాయి కాబట్టి ఇది ముందే తెలుసుకోవలసిన విషయం. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం, అందులో చిరునామాను తరువాత మార్చుకోవచ్చు.

అపోహ: మిషను, మగ్గం తరలించడమే పెద్ద కష్టం.

వాస్తవం: మిషను తలను బల్ల నుంచి విప్పి, సూది, బాబిన్ కేసు తీసేసి, పాదం కింద మడత గుడ్డ పెట్టి దించి, దుప్పటిలో చుట్టి నిలువుగా పెట్టిస్తే చెడదు. మగ్గానికి నట్లతో విడిపోయే చట్రం చేయించుకోవాలి. వీటికంటే కష్టమైనది తేదీల లెక్క. మాకు బదిలీలు ఎక్కువగా వేసవిలోనే వస్తాయి, పెళ్ళి ఆర్డర్లూ అప్పుడే వస్తాయి. అందుకే బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మగ్గం పని కొత్తగా ఒప్పుకోవడం ఆపి, చేతిలో ఉన్నవి మాత్రమే పూర్తిచేసి ఇస్తాను. సామాను సర్దుకోవడం ఆషాఢంలో ముగిస్తే, వరలక్ష్మీ వ్రతానికి గుడ్డలు రావడం మొదలయ్యే సమయానికి మిషను మళ్ళీ బల్ల మీద ఉంటుంది.