కో-ఫౌండర్‌ను కుదుర్చుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతూ, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారితో కూర్చుని మాట్లాడే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఉత్పత్తి గురించి ఎన్నో ప్రశ్నలు వేసుకునేవారు కూడా, పక్కన నిలబడబోయే మనిషి విషయంలో మాత్రం కొన్ని నమ్మకాలను పరిశీలించకుండానే ముందుకు వెళుతున్నారు.

అపోహ: నాలుగేళ్లు ఒకే గదిలో ఉండి చదువుకున్నాం, మా మధ్య కొత్తగా పరీక్షించుకునేది ఏముంటుంది?

ఒకే గదిలో ఉంటే స్వభావం తెలుస్తుంది గానీ, డబ్బు ఇవ్వవలసిన కస్టమర్ ఫోన్ ఎత్తనప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడో తెలియదు. నా మొదటి భాగస్వామి నా రూమ్మేటే. పద్నాలుగు నెలల్లో మేము ఒక్కసారి కూడా గొడవపడలేదు. ఎవరు ఎంత తీసుకోవాలన్న లెక్కను స్నేహం చెడుతుందేమోనని ఇద్దరమూ మనసులోనే పెట్టుకున్నాం, చివరికి ఆ లెక్క దగ్గరే విడిపోయాం.

అపోహ: పరిచయాల్లో వెతకడమంటే "ఎవరైనా ఉంటే చెప్పండి" అని అందరినీ అడగడం.

అలా అడిగితే ఖాళీగా ఉన్నవారి పేర్లు వస్తాయి. పాత టీమ్ లీడర్‌ను, ఆడిటర్‌ను, సరకు కొన్న కస్టమర్‌ను, అంటే పనిలో మనిషిని చూసినవారిని, ఇలా అడగాలి: "మీతో పనిచేసినవారిలో, పని చెడినప్పుడు మీరు కనుక్కునేలోపే తామే ఫోన్ చేసి చెప్పినవారు ఎవరు?" ఈ ప్రశ్నకు రెండు మూడు పేర్లే వస్తాయి, కానీ అవి వెతకదగిన పేర్లు. ఆ తర్వాత, అలా తెలిసిన మనిషితో కలిసి పనిచేసి మానేసినవారిలో ఒకరితోనైనా మాట్లాడాలి.

అపోహ: కొన్నాళ్లు కలిసి పనిచేసి చూడటానికి కాగితం ఎందుకు?

1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామ్యానికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి కాదు. కలిసి వ్యాపారం చేస్తూ లాభం పంచుకుంటున్న తీరును బట్టి కూడా అది ఏర్పడిందని తేల్చవచ్చు, అప్పుడు సంస్థ అప్పులకు ఇద్దరూ బాధ్యులే. మరోవైపు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీ దగ్గర ఉద్యోగి కాని వ్యక్తి రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేనప్పుడు, సాధారణంగా రాసినవారే మొదటి హక్కుదారు. ఆ హక్కు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. కాబట్టి చేసే పని ఏమిటి, ఏ తేదీన ముగుస్తుంది, ఖర్చు ఎవరిది, విడిపోతే పని ఎవరికి దక్కుతుంది, ఈ గడువులో భాగస్వామ్యం లేదన్న మాట, ఇవన్నీ ఒక పేజీలో రాసుకోవాలి. అయితే రాసినంత మాత్రాన సరిపోదు, నడవడిక కూడా అలాగే ఉండాలి. ఆ గడువులో ఉమ్మడి పేరుతో ఆర్డర్లు తీసుకోకూడదు, లాభం పంచుకోకూడదు.

అపోహ: పని సాఫీగా సాగిపోతే జోడీ కుదిరినట్టే.

నేను దగ్గరగా చూసిన ఒక జంట విషయం చెబుతాను. ఒకరు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్కలు ఎరిగినవారు, మరొకరు ప్రోగ్రామర్. ఒక స్టోరేజీలో లోపలికి వచ్చిన మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు, బయటికి వెళ్లిన టిక్కీలు గుమస్తా రోజూ ఫోన్‌లోనే నమోదు చేసేలా ఆరు వారాల్లో ఒక యాప్ తయారుచేయాలని, వారానికి పన్నెండేసి గంటలు పెట్టాలని రాసుకున్నారు.

మూడో వారంలో ఒక రైతుకు రెండు లాట్లు ఉన్నాయి, ఒకటి డెబ్బై టిక్కీలు, మరొకటి యాభై. రెండో లాటు నుంచి ముప్పై తీస్తే, యాప్ మొదటి లాటులో తగ్గించింది. మొత్తం మాత్రం తొంభై అని సరిగ్గానే చూపింది గనుక గుమస్తాకు తేడా తెలియలేదు. సరకు నిల్వకు స్టోరేజీ ఇచ్చిన బాండు చేతపట్టుకుని రైతు వచ్చినప్పుడు బయటపడింది. ప్రోగ్రామర్ ఆ రాత్రే తప్పు సరిదిద్దాడు, కానీ తన జతగాడికి చెప్పలేదు. ఇదేమీ తెలియని ఆయన, అద్దె లెక్క కూడా శనివారానికల్లా యాప్‌లో వస్తుందని యజమానికి మాట ఇచ్చేశాడు.

ఇద్దరూ కూర్చుని రెండు నియమాలు పెట్టుకున్నారు: తప్పు దొరికిన రోజే అవతలివారికి చెప్పాలి, అడగకుండా కస్టమర్‌కు తేదీ ఇవ్వకూడదు. నేను చూడమని చెప్పేది ఈ తర్వాతి రోజులనే, ఎందుకంటే మొదటి పొరపాటు ఎవరి విషయంలోనైనా జరుగుతుంది, మాట్లాడుకున్నాక నడత మారిందా లేదా అన్నదే అసలు పరీక్ష. ప్రోగ్రామర్ మారాడు, చిన్న లోపాన్ని కూడా ఆ పూటే చెప్పసాగాడు. రెండో ఆయన అయిదో వారంలో మరో తేదీ ఇచ్చి, "ఆయన అడిగితే కాదనలేకపోయానండీ" అన్నాడు.

ఆరో వారం ముగిసిన రోజున వారు విడిపోయారు. కాగితంలో రాసుకున్నట్టే కోడ్ ప్రోగ్రామర్‌కు దక్కింది, ఆ నెలకు పెట్టిన సర్వర్ ఖర్చును చెరిసగం భరించారు. స్టోరేజీ యజమానిని పరిచయం చేసిన ఆ రెండో ఆయనే ఇప్పుడు మరో రెండు స్టోరేజీల వారిని ఆ ప్రోగ్రామర్ దగ్గరికి పంపారు.