నౌనా వెర్బా అని చూస్తే సరిపోదు: టియర్, టేర్ గురించి అపోహలు - వాస్తవాలు

నేను ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పుతాను. ఒకే స్పెల్లింగ్‌తో రెండు రకాలుగా పలికే మాటలు వచ్చిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు "నౌన్ అయితే ఒకలా, వెర్బ్ అయితే ఇంకోలా పలకాలి కదండీ" అంటారు. ఎవరు మొదలుపెట్టారో గానీ ఈ సూత్రం నోట్సుల్లోంచి వీడియోల్లోకి, అక్కడి నుంచి వాట్సాప్‌లోకి పాకిపోయింది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: నౌన్ అయితే టియర్, వెర్బ్ అయితే టేర్.

వాస్తవం: ఈ సూత్రం రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్ లాంటి మాటలది. వాటిలో నౌన్‌కు మొదటి భాగాన్ని, వెర్బ్‌కు రెండో భాగాన్ని నొక్కి పలుకుతాం. అక్కడ మూలం ఒకటే, వాడుకలే రెండు. టీ-ఈ-ఏ-ఆర్ అని రాసే టియర్, టేర్ అలాంటివి కావు. కన్నీటి మాట టియర్ వేరు, చింపే మాట టేర్ వేరు. పాత ఇంగ్లిష్‌లోనే అవి రెండు మాటలు. కాలక్రమంలో స్పెల్లింగ్ మాత్రం ఒకటైపోయింది. వేర్వేరు మాటలు కాబట్టి దేని నౌన్ దానికుంది, దేని వెర్బ్ దానికుంది.

లిగమెంట్ చిరిగితే దాన్ని లిగమెంట్ టేర్ అంటారు. అది నౌనే, అయినా టేర్. వేర్ అండ్ టేర్ కూడా అంతే. కంట్లో ఊరికే నీళ్లు కారుతుంటే కంటి డాక్టర్లు టియరింగ్ అంటారు. అందులో ఉన్నది వెర్బ్, అయినా టియర్.

ఫిజియోథెరపీ చదివే ఒక అమ్మాయి సెమినార్‌లో ఈ సూత్రాన్ని నమ్మే, లిగమెంట్ టియర్ అని చదివింది. వెనక బెంచీల్లో నవ్వారు. ఆ తర్వాత స్టేజీ ఎక్కాలంటేనే టెన్షన్ అని నా దగ్గరికొచ్చింది. ఆ అమ్మాయికి సబ్జెక్ట్ బాగా వచ్చు, గ్రామర్ కూడా వచ్చు. సగం సూత్రాన్ని పూర్తి సూత్రమని చెప్పినవాళ్లదే తప్పు. ఇలా నోరు మూసుకున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

తనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. వెర్బ్ కనిపిస్తే దాన్ని పాస్ట్ టెన్స్‌లో పెట్టి చూడండి. 'టోర్' సరిపోతే అది టేర్. 'టియర్డ్' సరిపోతే అది టియర్. పక్కన 'అప్' చేరినప్పుడు ఈ పరీక్ష మరీ అవసరం. ఉత్తరాన్ని ముక్కలు చేస్తే 'టోర్ అప్', కాబట్టి చదవాల్సింది టేర్ అప్. ఉత్తరం చదివి కళ్లు చెమర్చితే 'టియర్డ్ అప్', కాబట్టి టియర్ అప్. రెండూ వెర్బ్‌లే, రాసేటప్పుడు అక్షరాలూ అవే.

నౌన్‌కు పాస్ట్ టెన్స్ ఉండదు కాబట్టి అక్కడ ఈ పరీక్ష పనిచేయదు. పక్క మాట చూడాలి. లిగమెంట్, కండరం, గుడ్డ, కాగితం ఉంటే చిరుగు కాబట్టి టేర్. గ్యాస్, డక్ట్, డ్రాప్ ఉంటే కంటి సంగతి కాబట్టి టియర్. టేర్‌ను కేర్, షేర్‌లతో, టియర్‌ను ఫియర్, డియర్‌లతో కలిపి పలికి చూసుకోండి.

విండ్, వైండ్‌లకూ ఇదే దారి. గడియారానికి కీ ఇవ్వడం వైండ్, దాని పాస్ట్ వౌండ్. పొట్టలో దెబ్బ తగిలి ఊపిరాడకుండా అయితే విండెడ్. అదీ వెర్బే, అయినా వైండ్ కాదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. వౌండ్ స్పెల్లింగే గాయానికీ ఉంది, గాయాన్ని మాత్రం ఊండ్ అంటాం.

అపోహ: రీడ్ పాస్ట్ టెన్స్‌లో స్పెల్లింగ్ మారదు కాబట్టి లీడ్‌కూ మారదు.

వాస్తవం: మారుతుంది. నడిపించాడు అనాలంటే ఎల్-ఈ-డీ అని మూడే అక్షరాలు రాయాలి. మధ్యలో ఏ వచ్చి, పలికేది లెడ్ అయితే అది సీసం, అంటే లోహం. ఉద్యోగ దరఖాస్తుల్లో 'టీమ్‌ను నడిపించాను' అనే చోట సీసం స్పెల్లింగ్ కనిపిస్తూనే ఉంటుంది. స్పెల్ చెకర్ పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే ఆ మాట కూడా డిక్షనరీలో ఉంది. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటే అయినా, పాత పేరు అలా నిలిచిపోయింది కాబట్టి దాన్ని లెడ్ అనే పలకాలి.

అపోహ: బీ-ఏ-ఎస్-ఎస్ అని రాసే మాటకు బేస్ బ్రిటిష్ ఉచ్చారణ, బ్యాస్ అమెరికన్ ఉచ్చారణ.

వాస్తవం: కాదు. రెండు దేశాల్లోనూ సంగీతంలోది బేస్, చేప బ్యాస్. రెండూ నౌన్‌లే కాబట్టి నౌన్-వెర్బ్ సూత్రానికి ఇక్కడ చోటే లేదు. గిటార్, డ్రమ్, గొంతు అని పక్కనుంటే బేస్. వల, గాలం, చెరువు ఉంటే బ్యాస్.