అపోహలు – వాస్తవాలు: జర్మన్ క్రియల గుంపులు, యాంకీ కార్డులు

అపోహ: అచ్చు మారే తీరు ఒకటిగా ఉన్న క్రియలన్నింటినీ, ఫ్లాష్‌కార్డుల యాప్ అయిన యాంకీలో ఒకే డెక్‌లో, అంటే ఒకే కార్డుల కట్టలో, పెట్టి వరుసగా తిరగేస్తే త్వరగా వస్తాయి.

వాస్తవం: హన్మకొండలో జర్మన్ నేర్పుతున్న నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే మాట ఇది. గుంపు కట్టడం తప్పు కాదు. ట్రింకెన్–ట్రంక్–గెట్రుంకెన్, ఫిండెన్–ఫంట్–గెఫుండెన్ అని పక్కపక్కన రాసుకుంటే ఇ–అ–ఉ వరుస ఇట్టే పట్టుబడుతుంది. చిక్కంతా పునశ్చరణలోనే ఉంది. ఆ డెక్‌లో రెండు కార్డులు దాటేసరికి మూడోదానికి జవాబు ఆలోచించకుండానే నోటికి వస్తుంది. మీకు గుర్తుకొస్తున్నది రాగమే గాని క్రియ కాదు. మీరు ‘గుడ్’ నొక్కుతారు, యాంకీ దాన్ని నమ్మి ఆ కార్డును మళ్లీ చూపే గడువును వారాలకు పెంచేస్తుంది.

నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక నర్సు ఇ–అ–ఉ డెక్‌లో దాదాపు తప్పు చేసేది కాదు. మాదిరి మౌఖిక పరీక్షలో మాత్రం, తేవడం అనే అర్థమున్న బ్రింగెన్‌కు ‘గెబ్రుంగెన్’ అని, ఈదడం అనే అర్థమున్న ష్విమెన్‌కు ‘గెష్వుమెన్’ అని చెప్పి, తనకు జర్మన్ రాదేమోనని కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపం ఆమెది కాదు, డెక్‌ది. ఇ తర్వాత నకారంతో పాటు డ, గ, క అక్షరాల్లో ఒకటి ఉంటే మూడో రూపంలో సాధారణంగా ఉ వస్తుంది. జంట మకారమో జంట నకారమో ఉంటే ఒ వస్తుంది కనుక గెష్వొమెన్, గెవొనెన్ అవుతాయి. బ్రింగెన్ చూడటానికి మొదటి గుంపులాగే ఉన్నా బ్రఖ్టె–గెబ్రఖ్ట్ అని వేరే దారి పడుతుంది. కుంటడం అనే అర్థమున్న హింకెన్ అయితే పూర్తిగా క్రమక్రియ.

ఆమె చేత గుంపుల డెక్‌లన్నీ తీసేయించి, కార్డులన్నీ ఒకే డెక్‌లోకి చేర్పించాను. గుంపు పేరు `i-a-u`, `i-a-o` అనే ట్యాగుగానే మిగిలింది, అదీ కార్డు ముందువైపు కనిపించకుండా. రోజుకు నాలుగు కొత్త క్రియలు. మొదటి గుంపు కలగలుపులో నిలిచాకే, సుమారు రెండు వారాలకు, ఒ గుంపు మొదలు. బ్రింగెన్‌కు ట్రింకెన్‌తో పోల్చే కార్డు ఒకటి విడిగా చేయించాను.

మీ డెక్ సంగతి తేలాలంటే వేర్వేరు గుంపుల నుంచి పది క్రియలు చీటీల మీద రాసి, కలిపి తీయండి. డెక్‌లో రాని తప్పులు ఇక్కడ వస్తే, యాంకీ చూపే గడువులను నమ్మకండి.

అపోహ: మూడు రూపాలూ ఒకే కార్డు మీద ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఒక్క రూపం మరిచినా మూడూ మొదటికి వస్తాయి. భూతకాలానికి ఒకటి, మూడో రూపానికి ఒకటి చాలు.

అపోహ: తప్పుతున్న కార్డును అలాగే తిప్పుతూ ఉంటే ఎప్పటికైనా వస్తుంది.

వాస్తవం: ఎనిమిదిసార్లు తప్పితే యాంకీ తానే దాన్ని ‘లీచ్’ అని గుర్తు పెడుతుంది. అప్పుడు మార్చవలసింది కార్డును: ఆ క్రియ దేనితో కలగాపులగమవుతోందో కనిపెట్టి, ఆ రెండింటినీ ఒకే వాక్యంలో ఖాళీలుగా ఉంచండి.