ఫోన్లో బాగానే కనిపించింది కదా అన్నా! – క్లాసిఫైడ్ ప్రకటనల మీద అపోహలు, వాస్తవాలు

చిక్కడపల్లిలో మా యాడ్ బుకింగ్ కౌంటర్‌కి వచ్చేవాళ్లలో సగంమంది టెన్షన్‌లో ఉంటారు. సేల్‌డీడ్ పోయిందనో, మార్కుల మెమో పోయిందనో, పాస్‌పోర్టులో ఇంటిపేరు తప్పు పడిందనో వస్తారు. వాళ్లని చూస్తే జాలేస్తుంది. జాలి లేనిది వాళ్లని తప్పుదోవ పట్టించే సలహాదారుల మీదే. ప్రతి ఇంట్లో ఒక బావగారు ఉంటారు, ఆయనకి పేపర్ ప్రకటనల గురించి అన్నీ తెలుసు.

అపోహ: అక్షరాల సైజు తగ్గిస్తే అదే బాక్సులో ఎంత మ్యాటరైనా పడుతుంది.

అందరికంటే ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇదే. "అన్నా, బాక్సు పెంచొద్దు, సైజు కొంచెం తగ్గించి మొత్తం పట్టించండి" అంటారు. మేం ప్రూఫ్ వాట్సాప్‌లో పంపుతాం. వాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసి చదువుకుని, ఓకే అని బొటనవేలి బొమ్మ పెడతారు. పేపర్ వచ్చాక రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుందా?

లెక్క చూడండి. 4 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తున్న బాక్సు తీసుకుందాం. బార్డరూ అంచులూ పోను లోపల మిగిలేది సుమారు 3.6 బై 4.6. తెలుగు 9 పాయింట్లలో పెట్టి, లైనుకి 12 పాయింట్ల చోటిస్తే ఒక్కో లైను 4.2 మిల్లీమీటర్లు తింటుంది. అంటే పది లైన్లు. హెడ్డింగుకి రెండు లైన్ల చోటు పోతే మిగిలేవి ఎనిమిది. లైనుకి మూడు మాటల చొప్పున 24 మాటలు. ఆ బాక్సు కెపాసిటీ అంతే.

అందులోనే 70 మాటలు కావాలంటే 6 పాయింట్లకి దిగాలి. ఇంగ్లీషు 6 పాయింట్లు వేరు, తెలుగు 6 పాయింట్లు వేరు. పాయింటు అంటే అక్షరం ఎత్తు కాదు, పైన గుడి నుంచి కింద వత్తు దాకా పట్టే మొత్తం చోటు. 6 పాయింట్లంటే మొత్తం రెండు మిల్లీమీటర్లు. గుడికీ వత్తుకీ పోగా అసలు అక్షరానికి దక్కేది మిల్లీమీటరు పైచిలుకే. న్యూస్‌ప్రింట్ ఇంకుని పీల్చుకుని కాస్త వెడల్పు చేస్తుంది. ముందు పూడుకుపోయేవి చిన్న ఖాళీలే. 8 లోపలి రెండు సున్నాలు మూసుకుపోతాయి, 3 చూస్తే 8లా ఉంటుంది, 'ధ' కింది గీత కలిసిపోయి 'ద' అవుతుంది. పై లైను వత్తు కింది లైను గుడికి తగులుకుంటుంది. నల్ల బాక్సులో తెల్ల అక్షరాలు అడిగేవాళ్లకి ఇది రెండింతలు, ఎందుకంటే అక్కడ ఇంకు చుట్టూ నుంచి అక్షరం మీదకే వస్తుంది.

ఆ మధ్య రామంతాపూర్ నుంచి ఒకావిడ కటింగ్ పట్టుకుని వచ్చారు. వేరేచోట వేయించుకున్నారు. లోన్ కోసం కటింగ్ ఇస్తే బ్యాంకు వాళ్లు వెనక్కిచ్చారట, డాక్యుమెంట్ నంబరు చదవడానికి రావడం లేదని. నేనూ లెన్స్ పెట్టి చూశాను. 4127 అయుండొచ్చు, 4121 అయుండొచ్చు. ఆవిడ కళ్లలో నీళ్లు. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ వేయించుకోక తప్పదు కదా.

ఆ బాక్సులో ఆ నంబరుని తొక్కేసిన మాటలేమిటో తెలుసా? "ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని మొదట్లో అయిదు మాటలు. "దొరికిన యెడల దయచేసి ఈ క్రింది నంబరుకు తెలియజేయవలసినదిగా కోరుచున్నాను" అని చివర్లో ఎనిమిది. వృత్తి గృహిణి అని ఒకటి, వెతికినా దొరకలేదని ఒకటి. ఇంతా రాసి, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసో రాయలేదు! దస్తావేజుల నంబర్లు ప్రతి ఆఫీసులోనూ ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. 4127 ఉప్పల్లో ఉంటుంది, కూకట్‌పల్లిలో ఉంటుంది, నిరుడూ ఉంటుంది, ఈ ఏడూ ఉంటుంది. నంబరు, సంవత్సరం, ఆఫీసు మూడూ కలిస్తేనే అది ఆవిడ పత్రం అవుతుంది.

ఆవిడతో కూర్చుని 25 మాటల లిమిట్‌లో తిరగరాశాం. పేరూ నంబర్లూ మార్చి ఇస్తున్నాను:

సేల్‌డీడ్ పోయింది
నా ఒరిజినల్ సేల్‌డీడ్ నం. 4127/2009, ఎస్ఆర్ఓ ఉప్పల్, ప్లాటు 38, రామంతాపూర్, 3-6-2024న ఉప్పల్-కోఠి బస్సులో పోయింది. దొరికినవారు తెలపగలరు: ఫలానా, భర్త ఫలానా, సెల్ (నంబరు).

హెడ్డింగు కాకుండా లెక్కపెట్టండి, 21 మాటలు. లెక్కపెట్టే గుమస్తా సేల్‌డీడ్‌నీ, ఉప్పల్-కోఠినీ రెండేసి మాటలుగా చూసినా 23. తేదీ చూడండి. ఆవిడ రాసుకొచ్చింది "ఈ నెల 3న". అవి మూడు మాటలు, పైగా కటింగ్ ఫైల్లోకి వెళ్లాక ఏ నెలో తెలియదు. పూర్తి తేదీ వేస్తే ఒక్క మాట. చివరికి అదే సైజు బాక్సులో, 9 పాయింట్లలో, నంబరు ఉన్న లైను బోల్డ్ చేసి మరీ పట్టింది.

ప్రూఫ్ చూడాలంటే ఫోన్ వద్దు. పీడీఎఫ్ తీసుకుని 100 శాతం సైజులోనే ప్రింట్ తీయించండి. 'ఫిట్ టు పేజ్' పెడితే బాక్సు ఉబ్బిపోయి మళ్లీ మోసపోతారు. ఆ ప్రింటుని ఒకసారి జిరాక్స్ తీసి, ఇంట్లో చత్వారం ఉన్నవాళ్ల చేతికిచ్చి నంబరు పైకి చదవమనండి. వాళ్లు తడబడితే మాటలు తగ్గించండి, అక్షరాలు కాదు. మీరు ఒరిజినల్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసుకోండి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మ్యాటర్‌ని 'అను' అనే ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోవడం మామూలే, కాబట్టి పేరులోని వత్తులు కూడా చూడండి.

అపోహ: బాక్సు లేని టెక్స్ట్ యాడ్‌లో మాటలు అతికిస్తే ఖర్చు తగ్గుతుంది.

"దొరికినవారుతెలపగలరు" అని రాసుకొచ్చినవాళ్లున్నారు. గుమస్తాకి తెలుగు వచ్చండీ, విడగొట్టే లెక్కేస్తాడు. లైన్ల లెక్కన డబ్బు తీసుకునే చోట అయితే ఇంకా నష్టం. అంత పొడుగు మాట లైను చివర పట్టక కిందికి దిగుతుంది, పైన చోటంతా ఖాళీ, ఆ ఖాళీకీ మీరే డబ్బు కడతారు. అక్కడ అక్షరాల సైజు పత్రికదే, బేరాల్లేవు.

అపోహ: 'ఇందుమూలముగా' లేకపోతే నోటీసు చెల్లదు.

చెల్లుతుంది. కాకపోతే లాయర్ గారు ఇచ్చిన నోటీసులో మాత్రం మేం ఒక్క మాటా కొయ్యం, మీరూ కొయ్యకండి. ఆయన్నే అడిగి తగ్గించుకు రండి, లేదా బాక్సు పెంచండి.

అపోహ: పేపర్లో వేస్తే పేరు మారిపోయినట్టే.

కాదు. గెజిట్ సంగతి వేరే. ఏ ఆఫీసుకి ఏం కావాలో ముందు ఆ ఆఫీసులోనే అడగండి.

ఇంకొకటి. ప్రకటన వచ్చిన రోజు బాక్సు చుట్టూ కత్తెర వేయకండి. పేపర్ పేరు, తేదీ కనిపించేలా మొత్తం పేజీ దాచండి, రెండు మూడు కాపీలు కొనుక్కోండి. పాత సంచిక కావాలని నెల తర్వాత వచ్చేవాళ్లకి నా దగ్గర సమాధానం ఉండదు.