మళ్లీ కలిసే ప్రేమకథ: ఆస్టెన్ కొట్టేసిన అధ్యాయం

విడిపోయిన జంట ఏళ్ల తర్వాత కలుసుకోవడం మనకు కొత్త కథేమీ కాదు. నన్నయ అరణ్యపర్వంలో చెప్పిన నలోపాఖ్యానంలో, సారథిగా వచ్చిన బాహుకుడే నలుడేమోనని దమయంతికి అనుమానం వస్తుంది. అయినా వెంటనే ఎదురుపడదు. కేశినిని పంపి గమనించమంటుంది, అతను వండిన మాంసం తెప్పించి రుచి చూస్తుంది, పిల్లల్ని పంపుతుంది. ఆ తర్వాతే అడవిలో ఎందుకు వదిలేశావని నిలదీస్తుంది. అయితే నలుడు ఆ తప్పును కలి మీదకు నెట్టేయగలిగాడు.

ఆధునిక నవలలో కలి ఉండడు. విడిపోవడానికి కారణం ఆ ఇద్దరిలోనే ఉండాలి. ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ చివరగా పూర్తిచేసిన ‘పర్సుయేషన్’ (1817)లో 19 ఏళ్ల ఆన్, డబ్బులేని నౌకాదళ అధికారి వెంట్‌వర్త్‌తో పెళ్లి వద్దనుకుంటుంది. పెద్దావిడ ఒకామె నచ్చజెప్పింది నిజమే, కానీ అతని మేలు కూడా అందులోనే ఉందని ఆన్ నమ్మింది. ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడితే తీరిపోయే అపార్థం కాదది. ఇప్పటి కథలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే.

ఎనిమిదేళ్ల తర్వాత తొలి కలయిక ఒక నమస్కారంతో ముగుస్తుంది. ఆమెను గుర్తుపట్టలేనంతగా మారిపోయిందని అతను అన్నమాట ఆన్‌కు తన చెల్లెలి ద్వారా తెలుస్తుంది. తర్వాత ఒకరోజు ఆ చెల్లెలి కొడుకు ఆన్ వీపుమీదెక్కి దిగనంటే, వెంట్‌వర్త్ మాట్లాడకుండా వచ్చి వాణ్ణి ఎత్తి తీసేస్తాడు. ప్రేమ ఇంకా ఉందని అతను చెప్పనక్కర్లేదు, ఆ చేతులు చెప్పేశాయి.

అసలు పాఠం ముగింపులో ఉంది. 1816 జులైలో ఆస్టెన్ నవల పూర్తిచేసింది, కానీ తృప్తి కలగలేదు. మొదటి రూపంలో, ఆన్ వేరొకరిని పెళ్లాడుతుందా అని కనుక్కు రమ్మని తన బావ అయిన అడ్మిరల్ పంపితే వెంట్‌వర్త్ వచ్చి అడుగుతాడు, ఆమె కాదంటుంది, ఇద్దరూ ఒకటవుతారు. మూడోమనిషి తోసిన కలయిక అది. ఆమె చేయాల్సిన పనే లేదు. దాన్ని తీసేసి, దాని స్థానంలో రెండు అధ్యాయాలు కొత్తగా రాసింది. కొట్టేసిన కాగితాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

కొత్త రూపంలో, ఎక్కువకాలం మరిచిపోకుండా ప్రేమించేది ఆడవాళ్లా మగవాళ్లా అని ఆన్ ఒక స్నేహితుడితో వాదిస్తుంది. అదే గదిలో ఉత్తరం రాస్తున్న వెంట్‌వర్త్ చేతిలోంచి కలం జారిపడుతుంది. వింటూనే ఆమెకు మరో ఉత్తరం రాసి, బల్లమీద పెట్టి వెళ్లిపోతాడు. ఆమె తన మనసు విప్పింది, అతను పరువు పణంగా పెట్టాడు. పాత తప్పు ఒకరి మాట విని వెనక్కి తగ్గడం కాబట్టి, ఈసారి ఎవరి మాటా మధ్యలో ఉండకూడదు.

కలిశాక కూడా ఆస్టెన్ లెక్క మూసేయదు. 1808లో చేతిలో కొన్నివేల పౌండ్లు ఉన్నప్పుడే ఉత్తరం రాసి ఉంటే ఒప్పుకునేదానివా అని అతను అడుగుతాడు. ఒప్పుకునేదాన్నేనని ఆమె జవాబు. అభిమానం అడ్డొచ్చి రాయలేదంటాడతను. ఆ ఒక్క ఉత్తరం రాయనందుకు ఆరేళ్లు పోయాయని తెలిసి, దానికి తప్పుపట్టాల్సింది తననేనని ఒప్పుకుంటాడు.